థంబ్‌నెయిల్‌లో గోపురమా, ముఖమా?

అలిపిరి నడకదారి వీడియోకి రెండు థంబ్‌నెయిళ్లు సిద్ధమయ్యాయనుకుందాం. ఒకదాంట్లో గోపురం మొత్తం, పైన ‘అలిపిరి మెట్ల దారిలో మా పూర్తి ప్రయాణం’. రెండోదాంట్లో చెమట తుడుచుకుంటున్న అమ్మ ముఖం, పక్కన ‘3550 మెట్లు’.

ముందుగా 1280x720 బొమ్మను 160x90కి కుదించి, ఫోన్‌ను చేయి చాచి చూడండి. కొలత ఎనిమిదో వంతవుతుంది. 80 పిక్సెళ్ల అక్షరం పదికి దిగుతుంది. తెలుగుకి అసలు చిక్కు ఇక్కడే: ‘ట్లు’లో లావత్తు నాలుగైదు పిక్సెళ్లే మిగిలి, పై అక్షరానికి అతుక్కుని మచ్చలా కనిపిస్తుంది. అసలు బొమ్మలో అక్షరం కనీసం 160 పిక్సెళ్లు ఉండాలి. అంత సైజులో మొదటిదాని ఆరు మాటలు గోపురాన్నే కప్పేస్తాయి; రెండోదాని రెండు మాటలు హాయిగా పడతాయి. కుడివైపు కింది మూల మాత్రం ఖాళీగా వదలండి, వీడియో నిడివి అక్కడే పడుతుంది.

శ్రమ: గోపురానికి ఒక్క ఫోటో చాలు. ముఖానికి నడకలోనే, ఎండ పక్కనుంచి పడేలా పది పదిహేను తీయాలి.

మనసు లాగడం: గోపురం భక్తిని తడుతుంది, కానీ అందరి వీడియోల్లోనూ అదే. అలసిన కళ్లు చూస్తే ‘ఎక్కగలిగిందా?’ అనిపిస్తుంది. కళ్లు చుక్కలైపోతే ఆ లాగుడు పోతుంది, అందుకే ముఖం ఎత్తులో సగానికి పైగా ఉండాలి.

ప్రమాదం: వీడియోలో లేని ఏడుపు ముఖం పెడితే నొక్కినవాళ్లు వెంటనే వెళ్లిపోతారు.

దారి, సమయాలు చెప్పే వీడియోకి గోపురం, రెండే మాటలతో. మనుషుల నడక చూపించేదానికి అమ్మ ముఖమే.