మా వార్డు బెడ్ రిపోర్టుతో రెండేళ్లు: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జరీ వార్డుకు సూపర్‌వైజర్‌ని. 32 బెడ్లు. పొద్దున ఏడున్నరకి డ్యూటీ ఎక్కగానే నా చేతికొచ్చే మొదటి కాగితం బెడ్ల రిపోర్టు. ఇప్పుడున్న రిపోర్టును మా ఐటీ కుర్రాడు నా పక్కన కూర్చుని మూడుసార్లు మార్చి తయారుచేశాడు. రెండేళ్లు రోజూ వాడాక రాస్తున్నాను కాబట్టి పొగడ్తలూ తిట్లూ రెండూ ఉంటాయి.

పాత రిపోర్టు ఎలా ఉండేదో ముందు చెప్పాలి. అర్ధరాత్రి 12 గంటలకు వార్డులో ఎంతమంది ఉన్నారో లెక్కగట్టి, మొత్తం బెడ్లతో భాగించి ఒక శాతం ఇచ్చేది. 26 మంది ఉంటే 81 శాతం. అది చూసి అడ్మిషన్ కౌంటర్ నుంచి ఫోన్: "మేడమ్, మీ దగ్గర ఆరు ఖాళీ కదా, ఇద్దర్ని పంపుతున్నాం." ఆ ఆరులో ఒకదానికి ఆక్సిజన్ పాయింట్ లీకు, ఇంకోదానికి తల వైపు లేపే హ్యాండిల్ విరిగింది. రెండు బెడ్లు ఐసీయూలో ఉన్న మా పేషెంట్ల కోసం ఆపినవి. వాళ్ల సామాన్లు ఆ బెడ్ల కిందే ఉన్నాయి. నిజంగా నేను ఇవ్వగలిగినవి రెండే. కొత్త రిపోర్టులో శాతం పైన కాదు, కింద మూలన ఉంటుంది. పైన ఉండేది నాలుగు అంకెలు: పేషెంటు ఉన్నవి, రిపేరులో ఉన్నవి, ఆపినవి, ఇవ్వగలిగినవి. ఈ ఒక్క మార్పుతోనే ఫోన్‌లో వాదనలు సగం తగ్గాయి. శాతం కావలసింది మేనేజ్‌మెంటుకి, నాకు కాదు.

అసలు తలనొప్పి డిశ్చార్జ్ దగ్గర. పాత పద్ధతిలో బిల్లు కట్టగానే స్క్రీన్ మీద బెడ్ `Vacant` అయిపోయేది. పేషెంటు మాత్రం బెడ్ మీదే ఇడ్లీ తింటూ ఉండేవాడు. మా కుర్రాడికి ఇది అర్థం కావడానికి ఒక గురువారం పట్టింది. ఆ రోజు అతన్ని వార్డులోనే కూర్చోబెట్టి 14వ నంబరు బెడ్‌ను గడియారం పట్టుకుని చూడమన్నాను.

గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన పెద్దావిడ, పార్వతీపురం వైపు నుంచి వచ్చారు. 8:50కి డాక్టరు గారు డిశ్చార్జ్ అన్నారు. 9:20కి సమ్మరీ తయారు. 9:30కి మిగిలిన మందులు ఫార్మసీకి వాపసు పంపాం, వాళ్లు లెక్క చూసి ఒప్పుకునేసరికి 10:50. అది తేలితే గానీ ఫైనల్ బిల్లు రాదు. 10:55కి బిల్లు ఇన్సూరెన్స్‌కు వెళ్లింది. ఒంటిగంటకు అనుమతి వచ్చింది. 1:20కి మిగతా డబ్బు కట్టి గేట్‌పాస్ తెచ్చుకున్నారు. ఊరి నుంచి వస్తున్న కారేమో మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఇరుక్కుని 1:35కి వచ్చింది. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. "రాహుకాలంలో ఎలగమ్మా, మూడు దాటగానే మేవే ఎల్లిపోతాం" అన్నారు వాళ్లబ్బాయి. ఆపరేషన్ చేయించుకున్న తల్లిని ఇంటికి తీసుకెళ్లే కొడుకుతో ఏం వాదిస్తాం? 3:05కి బయల్దేరారు. దుప్పట్లు మార్చి, మంచం తుడిచి సిద్ధం చేసేసరికి 3:35.

ఈలోగా రెండు గంటలకే క్యాజువాలిటీ నుంచి స్ట్రెచర్ వచ్చేసింది. స్క్రీన్ మీద 14 ఖాళీ మరి. కాలు విరిగిన మనిషిని కారిడార్‌లో పెట్టుకుని గంటన్నర టెన్షన్ పడ్డాం.

ఆ సాయంత్రం టైములన్నీ వరసగా రాసి చూస్తే వేరే సంగతి బయటపడింది. అందరం ఇన్సూరెన్స్‌నే తిట్టుకుంటాం. కానీ అక్కడ పట్టింది 2 గంటల 5 నిమిషాలు. డిశ్చార్జ్ కోసం అడిగాక 3 గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలని 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పిన గడువులోపే అది. మా చేతిలో ఉన్న మందుల వాపసు 80 నిమిషాలు తినేసింది. అది ముందురోజు సాయంత్రమే అయ్యుంటే గేట్‌పాస్ 12 గంటలకే చేతికొచ్చేది. రాహుకాలానికి ముందే వాళ్లు కారు పిలిపించుకునేవారు. పొద్దున పోయిన 80 నిమిషాలు మధ్యాహ్నానికి మూడు గంటలయ్యాయన్నమాట.

అందుకే రెండో మార్పులో డిశ్చార్జ్‌ను ఒక టైముగా కాకుండా "ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది" అనే వరసగా పెట్టించాను: డాక్టరు, సమ్మరీ, ఫార్మసీ, బిల్లింగ్, ఇన్సూరెన్స్, కుటుంబం, హౌస్‌కీపింగ్. ప్రతి పేషెంటు పక్కన ఒకే పేరు, అక్కడ ఆగి ఎంతసేపయిందో నిమిషాలు. హౌస్‌కీపింగ్ పూర్తయిందని నొక్కితేనే బెడ్ ఖాళీ. "కుటుంబం" గడిలో కారణం కూడా ఎంచుకోవచ్చు: బండి రాలేదు, డబ్బు సర్దుతున్నారు, మంచి టైము కోసం ఆగారు. చివరిది చూసి పై మీటింగులో నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, మంగళవారం మధ్యాహ్నం బెడ్లు ఎందుకు ఆలస్యంగా ఖాళీ అవుతాయో మొదటిసారి కాగితం మీద కనిపించింది. ఇప్పుడు సాయంత్రం రౌండులో "రేపు పంపిద్దాం" అన్న పేర్లు విడిగా వస్తాయి, వాళ్ల మందుల వాపసు రాత్రి సిస్టర్లే పూర్తిచేస్తారు.

సగటు గురించి ఒక మాట. ఒక రోజు ఐదుగురు వెళ్లారు: 2, రెండున్నర, 3, 3, తొమ్మిదిన్నర గంటలు. సగటు 4 గంటలు అని రిపోర్టు, ఎందుకింత అని నాకు మెమో. నలుగురు 3 గంటల్లోపే వెళ్లారు, ఒక్కరి దగ్గరే తేడా. ఇప్పుడు వరసలో మధ్యనున్న టైము వేస్తున్నాం, అంటే 3 గంటలు. మరీ ఆలస్యమైన పేషెంటు కింద విడిగా ఉంటాడు. అలాగే డాక్టరు వద్దన్నా సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లు నలభై నిమిషాల్లో బయటపడతారు. వాళ్లను మామూలు డిశ్చార్జులతో కలిపితే మా పని ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. వాళ్లను వేరు చేయించడానికి ఆరు నెలలు పోట్లాడాల్సి వచ్చింది.

ఇక లోపాలు. మొదటి వెర్షన్‌లో ఆలస్యమైతే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. స్క్రీన్ మీద భలేగా ఉంది. మా వార్డు ప్రింటరు నలుపు తెలుపు, రెండు రంగులూ ఒకే బూడిద రంగులో వచ్చాయి. ఇప్పుడు ఆలస్యమైన వరసకు పక్కన నక్షత్రం గుర్తు.

పెద్ద లోపం మనుషులది. రెండు గంటలకు షిఫ్టు మారుతుంది. 1:55కి సిస్టర్లు కూర్చుని పొద్దుటి నుంచి ఉన్న టైములన్నీ ఒకేసారి కొట్టేస్తారు. వాళ్ల తప్పని నేననను, ముప్పై మంది పేషెంట్లతో ఎవరికి తీరిక? కానీ అప్పుడు రిపోర్టు అబద్ధమే. పట్టుకోవడం సులువు: టైములన్నీ 10:00, 10:30, 11:00 అని గుండ్రంగా ఉంటాయి. అందుకే జరిగిన టైము పక్కన ఎంట్రీ కొట్టిన టైము కూడా చిన్నగా వేయించాను. రెండిటికీ గంట తేడా ఉంటే ఆ వరసను నేను నమ్మను. తర్వాత బిల్లింగ్, ఫార్మసీ టైములు వాళ్ల స్క్రీన్ల నుంచే వచ్చేలా చేశారు, మా సిస్టర్లకు మిగిలింది పేషెంటు వెళ్లినప్పుడు ఒక్క నొక్కు. మా వార్డులో గేట్‌పాస్ చూశాకే చేతికి సెలైన్ కోసం పెట్టిన క్యాన్యులా తీస్తాం, కాబట్టి ఆ నొక్కును దానితో ముడిపెట్టాం: ఇంటికి తీసుకెళ్లే బండి వచ్చి కింద ఆగాక క్యాన్యులా తీయడం, నొక్కడం, వీల్‌చెయిర్. దీంతో మరిచిపోవడం బాగా తగ్గింది.

ఒకటి ఇంకా బాగుపడలేదు. పేషెంటును మా వార్డు నుంచి వేరే వార్డుకు మారిస్తే, హౌస్‌కీపింగ్ గడిని దాటేసి బెడ్ నేరుగా `Vacant` అవుతోంది. నిన్న కూడా 9వ నంబరుకు కొత్త పేషెంటు వచ్చేసరికి పాత దుప్పటే ఉంది. కుర్రాడికి చెప్పాను, వచ్చే వారం చూస్తానన్నాడు. అంతవరకు ప్రింటు మీద ట్రాన్స్‌ఫర్లకు పెన్నుతో సున్నా చుట్టుకుంటున్నాను.