ఒత్తులు తెగకుండా పద్యం కత్తిరించడం: Win + Shift + Sతో ఏడేళ్లు

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. తెలుగు మాస్టారికి స్క్రీన్‌షాట్‌తో ఏం పని అంటారా? యూనిట్ టెస్టు పేపర్లో పద్యం ఇవ్వాలి. పద్యం పీడీఎఫ్‌లో ఉంటుంది. సెలెక్ట్ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిషు అక్షరాలు, గీతలు, చుక్కలు కలగలిసిన పిచ్చిరాత వచ్చి పడుతుంది. అను ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాలన్నిటితోనూ ఇదే గొడవ. అవి యూనికోడ్ కావు. పైకి తెలుగే గానీ లోపల ఉన్నవి వేరే అక్షరాలు. పద్యమంతా మళ్లీ టైపు చేసుకోవాలి, లేదా బొమ్మగా కత్తిరించి అతికించాలి. విండోస్ 10 లాప్‌టాప్ కొన్నప్పటి నుంచి, ఇప్పుడు విండోస్ 11లోనూ, నేను చేస్తున్నది రెండోదే.

అంతకు ముందు PrtSc నొక్కి, తెర మొత్తాన్ని పెయింట్‌లో అతికించి, అక్కడ కత్తిరించేవాణ్ణి. ఒక్కో పద్యానికి రెండు నిమిషాలు. Win, Shift, S మూడూ కలిపి నొక్కితే తెర మసకబారుతుంది, పైన చిన్న పట్టీ వస్తుంది. అందులో దీర్ఘచతురస్రం గుర్తు ఎంచుకుని, పద్యం పైన ఎడమ మూల నుంచి కింద కుడి మూల దాకా లాగి వదిలేస్తే చాలు, ఆ ముక్క క్లిప్‌బోర్డులో చేరుతుంది. వర్డ్‌లో Ctrl + V. వద్దనుకుంటే Esc. విండోస్ 10కి ఈ మీటలు 2017లో వచ్చిన అప్‌డేట్‌తో అందాయి. బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు.

ఇక లోపాలు. మొదటి ఏడాది నా పేపర్లు చూసి మా లెక్కల మాస్టారు నవ్వేవారు. "ఏమండీ, పద్యం వానలో తడిసినట్టుందేమిటి?" అనేవారు. తెర మీద నిగనిగలాడే అక్షరాలు జిరాక్సులో అలుక్కుపోయేవి. ప్రింటర్ టోనర్‌ని తిట్టుకున్నాను గానీ తప్పు నాది. ఆ లెక్క ఒకసారి వేసి చూపిస్తాను.

పీడీఎఫ్‌ని 100 శాతంలో పెట్టి కత్తిరిస్తే పద్యం వెడల్పు సుమారు 500 పిక్సెళ్లు వచ్చేది. దాన్ని పేపర్లో 16 సెంటీమీటర్ల వెడల్పుకు సాగదీసేవాణ్ణి. 16 సెంటీమీటర్లంటే 6.3 అంగుళాలు. అంగుళానికి 80 చుక్కలు కూడా పడవు. ఇంగ్లిషు అక్షరం ఆ మాత్రానికి గట్టెక్కుతుందేమో గానీ, మన ఒత్తుకూ గుడికీ చాలదు. "ధ"లో గీత మాయమై "ద" అయిపోతుంది. చూసేది పదో తరగతి పిల్లాడు, రాసేది పరీక్ష.

మందు ఒక్కటే: కత్తిరించే ముందే పీడీఎఫ్‌ని పెంచాలి. 250 శాతానికి పెంచితే అదే పద్యం 1250 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది, అంగుళానికి దాదాపు 200 చుక్కలు. జిరాక్సులోనూ నిలుస్తుంది. కత్తిరించాక వర్డ్‌లో బొమ్మను ఎంత లాగినా లేని చుక్కలు పుట్టవు. కానీ దీనికీ ఒక హద్దుంది. నా పాత లాప్‌టాప్ తెర 1366 పిక్సెళ్ల వెడల్పు. తెర మీద కనబడేదే కత్తెరకు అందుతుంది కాబట్టి అంతకు మించిన పెట్టె గీయలేం. పాదాలు మరీ పొడవైన సీసపద్యం వస్తే సగం సగంగా రెండుసార్లు కత్తిరించి కింద కింద అతికించేవాణ్ణి.

ఇంకో మాట. పుస్తకం స్కాన్ చేసినదైతే పెంచినా పెద్దగా లాభం లేదు, స్కాన్‌లో ఎంత ఉంటే అంతే. తెలుసుకోవడం తేలిక: 400 శాతానికి పెంచి చూడండి. అక్షరం అంచు నున్నగా ఉంటే టైపు చేసినది, మెట్లుమెట్లుగా కనబడితే స్కాన్. స్కాన్ అయితే మళ్లీ టైపు చేసుకోవడమే మంచిది.

రెండో తప్పు అచ్చంగా తెలుగువాడి తప్పు. పెట్టెను చివరి పాదం కింద బిగించి గీస్తే ఒత్తులు తెగిపోతాయి. "అమ్మ" కాస్తా "అమ" అవుతుంది. తెర మీద ఆ తొందరలో కంటికి ఆనదు. మనకు పద్యం వచ్చు కాబట్టి లేని ఒత్తును కూడా చదివేసుకుంటాం. ఒకసారి అలాగే రెండు సెక్షన్లకు పేపర్లు పంచేశాను, పిల్లలే లేచి అడిగారు. అప్పటి నుంచి కింద ఒక వరుస ఖాళీ కలుపుకునే గీస్తున్నాను. ఎక్కువైన తెల్లదనాన్ని వర్డ్‌లో తీసేయొచ్చు, పోయిన ఒత్తును తేలేం. నా లాప్‌టాప్‌లో వేలు ఎత్తగానే కత్తిరింపు అయిపోతుంది, గీసిన పెట్టెను సర్దుకునే వీలుండదు. టచ్‌ప్యాడ్ మీద ఇది నరకం. ఈ పనికి మౌస్ పెట్టుకుంటాను.

ఈ విషయంలో మా అమ్మాయి మ్యాక్‌బుక్ చూస్తే అసూయ. అందులో Cmd + Shift + 4 నొక్కి పెట్టె గీస్తూ, వేలు ఎత్తకుండా స్పేస్‌బార్ పట్టుకుంటే పెట్టె మొత్తాన్ని పక్కకు జరపొచ్చు. అయితే అది నేరుగా ఫైలుగా పడుతుంది. క్లిప్‌బోర్డులోకి కావాలంటే Ctrl కూడా కలపాలి, నాలుగు మీటలు.

విండోస్ 10 రోజుల్లో కత్తిరించినది తనంతట తాను ఫైలుగా మిగిలేది కాదు. మూలన వచ్చే నోటిఫికేషన్ నొక్కి, సేవ్ చేసుకుంటేనే. నేను వరసగా ఐదు పద్యాలు కత్తిరించి వర్డ్ తెరిస్తే చివరిదొక్కటే అతికేది. Win + V సంగతి తెలిశాక ఆ బాధ తగ్గింది. మొదటిసారి నొక్కినప్పుడు ఆన్ చేయమంటుంది, ఆ తర్వాత చివరి 25 కాపీలు అందులో దొరుకుతాయి. లాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి తప్ప మిగతావి పోతాయి. విండోస్ 11లో మాత్రం ప్రతి ముక్కా Pictures లోని Screenshots ఫోల్డర్‌లో దానంతటదే చేరుతోంది.

మార్కుల జాబితాల దగ్గర ఈ పెట్టె విలువ నాకు బాగా తెలిసింది. ఒక పిల్ల తండ్రి మార్కులు పంపమంటే ఆ ఒక్క వరుసే పెట్టెలో పట్టి పంపుతాను. మొదట్లో తరగతి జాబితా మొత్తం తీసి, సేవ్ చేసి, తర్వాత అదే ఫైలును ఈ మీటల వెనకున్న విండోస్ ప్రోగ్రామ్ స్నిప్పింగ్ టూల్‌లో కత్తిరించి అదే పేరు మీద సేవ్ చేసేవాణ్ణి. 2023 మార్చిలో బయటపడిందేమిటంటే, అలా చేసినప్పుడు కత్తిరించేసిన భాగం తాలూకు సమాచారం ఫైలు చివర మిగిలిపోతోందట, తెలిసినవాళ్లు దాన్ని కొంతవరకు తిరిగి రాబట్టగలరట. విండోస్ 10 టూల్‌కూ, 11 టూల్‌కూ మైక్రోసాఫ్ట్ ఆ నెలలోనే మరమ్మతు ఇచ్చింది. పెట్టె గీసి తీసిన బొమ్మలోకి మిగతా పిల్లల మార్కులు అసలు చేరనే చేరవు కాబట్టి ఆ బెడద లేదు. మార్కర్ గీత కొట్టి పేర్లు దాచే అలవాటు కూడా మానేశాను. హైలైటర్ కిందనుంచి అక్షరాలు కనబడుతూనే ఉంటాయి.

ఇక ఆ Screenshots ఫోల్డర్‌లో, పద్యాల మధ్య, బ్యాంకు ఖాతా ముక్కలూ ఆధార్ ముక్కలూ కూడా పేరుకున్నాయని మొన్న చూశాను. స్నిప్పింగ్ టూల్ సెట్టింగ్స్‌లో తనంతట తాను సేవ్ చేసే మీట ఒకటుంది. పేపర్లు తయారు చేసే వారంలో దాన్ని ఆన్‌లో ఉంచుతున్నాను, మిగతా రోజులు ఆఫ్.