సొంత పేరా, కొత్త పేరా: బ్లౌజులు కుట్టే షాపుకి బోర్డు

తెనాలి లాంటి ఊళ్లో, బజారులో ఒక్కరే నడిపే టైలరింగ్ షాపు. ఓనరు పేరు సునీత అనుకుందాం. బోర్డు మీద ‘సునీత లేడీస్ టైలర్స్’ అని రాయించాలా, ‘చిలకపచ్చ బొటిక్’ అనా?

మొదటి పేరుకి ప్రచారం అక్కర్లేదు. పెళ్లిలో మగ్గం వర్క్ బ్లౌజు చూసి ఎవరైనా అడిగితే, ‘సునీత దగ్గర కుట్టించా’ అనే చెబుతారు. స్కాన్ చేస్తే ఫోన్‌లో కనిపించే పేరూ అదే కాబట్టి, డబ్బు ఎవరికి పోతోందోనన్న టెన్షన్ ఉండదు. చిక్కల్లా అదే బజారులో ఇంకో సునీత ఉంటేనే. ఈమె మీద పడిన నమ్మకం ఆ షాపుకీ పోతుంది. కోర్టుకి వెళ్లినా లాభం తక్కువ. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లోని 35వ సెక్షన్ ప్రకారం ఎవరి పేరు వాళ్లు నిజాయితీగా వాడుకోవచ్చు.

‘చిలకపచ్చ’ అలా కాదు. కుట్టుపనిని వర్ణించే మాట కాదు కనుక ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకునే వీలెక్కువ. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్‌లో వ్యాపారాలను తరగతులుగా విడదీస్తారు; కుట్టుపని 40వ తరగతి కిందికి వస్తుంది. అందులో ఈ పేరు ముందే ఎవరైనా తీసుకున్నారేమో బోర్డు రాయించకముందే వెతకాలి. రేపు ఇద్దరు కుట్టేవాళ్లను పెట్టుకున్నా, ‘కొలతలు సునీతే తీయాలి’ అని పట్టుబట్టేవాళ్లు తగ్గుతారు. కానీ జనం నోట పడడానికి టైం పడుతుంది.

పని అంతా తన చేతి మీదే నడిచేటప్పుడు నా ఓటు సొంత పేరుకే. అయితే ఇంటిపేరో, ‘మగ్గం వర్క్స్’ అనో కలిపి రాయించాలి.