లాభం వాటాల్లోనే పంచుకోవాలా, వడ్డీ, జీతం కూడా రాసుకోవాలా: భాగస్వామ్య సంస్థకు ఏది మేలు?

ఏటా లెక్కలు ముగించే వేళ భాగస్వాములు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. లాభమంతా ఒప్పందంలోని నిష్పత్తిలో పంచుకోవడం మేలా, లేక పెట్టుబడిపై వడ్డీ, పనిచేసే భాగస్వామికి జీతం ఇచ్చి మిగిలినది పంచుకోవడం మేలా? పన్ను మాత్రమే చూస్తే జవాబు తేలిక. ఎవరి చేతికి ఎంత వస్తుందో చూసినప్పుడే అసలు చిక్కు తెలుస్తుంది.

ఇనుప సామాను దుకాణం నడిపే బావ, బావమరుదులను ఉదాహరణగా తీసుకుందాం. బావ 20 లక్షలు పెట్టారు, దుకాణానికి రారు. బావమరిది 5 లక్షలు పెట్టి ఉదయం తాళం తీసినప్పటి నుంచి రాత్రి మూసేదాకా అక్కడే ఉంటాడు. లాభాల్లో ఇద్దరికీ సగం సగం. 2025-26లో వడ్డీ, జీతం తీయకముందు లాభం 15 లక్షలు. ఇద్దరూ కొత్త పన్ను విధానంలోనే ఉన్నారు, ఇద్దరికీ వేరే ఆదాయం లేదు.

వాటాల్లోనే పంచుకుంటే సంస్థ మొత్తం 15 లక్షలపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 4,68,000 కట్టాలి. మిగిలిన 10,32,000లో చెరొకరికి 5,16,000 వస్తుంది. సంస్థ పన్ను కట్టిన లాభంలో వాటా కనుక భాగస్వామి దానిపై మళ్లీ పన్ను కట్టనక్కరలేదు.

వడ్డీ, జీతం రాసుకుంటే లెక్క మారుతుంది. చట్టం 12 శాతం వరకే వడ్డీని ఖర్చుగా ఒప్పుకుంటుంది కనుక బావకు 2,40,000, బావమరిదికి 60,000 పోగా 12 లక్షలు మిగులుతాయి. జీతం పరిమితి ఈ మొత్తంపైనే లెక్కిస్తారు: మొదటి 6 లక్షలపై 90 శాతం లేదా 3 లక్షలు, ఏది ఎక్కువైతే అది, ఆపైన 60 శాతం. ఇక్కడ 5,40,000కు 3,60,000 కలిపితే 9 లక్షలు. ఆ 9 లక్షలూ బావమరిది జీతమైతే సంస్థకు మిగిలేది 3 లక్షలే, పన్ను 93,600. బావమరిది ఆదాయం 9,60,000. 12 లక్షల లోపు కనుక రిబేటు వర్తించి ఆయనకు పన్ను పడదు. అంటే ఇంటికి 3,74,400 ఆదా.

కానీ బావ వైపు నుంచి చూడండి. వడ్డీ 2,40,000, మిగిలిన 2,06,400లో సగం 1,03,200 కలిపి ఆయనకు వచ్చేది 3,43,200. పన్ను అంత తగ్గినా, మునుపటికంటే ఆయన చేతికి 1,72,800 తక్కువ. ఆదా మొత్తం జీతం రూపంలో ఒక్కరి వైపే పోయింది. నేను చూసిన తగాదాల్లో చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి. అందుకే జీతం పరిమితి వరకూ రాయడం కంటే, జీతాన్నీ నిష్పత్తినీ కలిపి మార్చడమే మేలని నా అభిప్రాయం.

జీతం నెలకు 50,000 చొప్పున 6 లక్షలు, లాభం బావకు 70, బావమరిదికి 30 వంతులని రాసుకున్నారనుకుందాం. సంస్థ ఆదాయం 6 లక్షలు, పన్ను 1,87,200, మిగిలేది 4,12,800. బావకు 5,28,960, బావమరిదికి 7,83,840 వస్తాయి. పన్ను కాస్త ఎక్కువ కట్టినా మొదటి పద్ధతికంటే ఇద్దరూ మెరుగే.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. లాభం 4 లక్షలకు పడిపోయిన ఏడు వడ్డీ 3 లక్షలు, జీతం 6 లక్షలు రాస్తే 5 లక్షల నష్టం తేలుతుంది. నష్టం కూడా అదే నిష్పత్తిలో పంచితే బావ వాటా 3,50,000, వడ్డీ పోను ఆయన ఖాతాలో 1,10,000 తరుగు. పైగా ఆ ఏడు చట్టం ఒప్పుకునే జీతం 3 లక్షలే. కనుక ఒప్పందంలో “నెలకు 50,000 లేదా ఆదాయపు పన్ను చట్టం అనుమతించే మొత్తం, ఏది తక్కువైతే అది” అని రాయించుకోవాలి. అప్పుడు నష్టం 2 లక్షలకు తగ్గి, బావకు వడ్డీలో లక్ష నిలుస్తుంది.

అమ్మకాలపై అంచనా శాతం చొప్పున లాభం చూపే పద్ధతిలో ఈ వడ్డీ, జీతం విడిగా తీసివేయడానికి వీల్లేదు కనుక, ఇలాంటి సంస్థకు దాన్ని నేను సూచించను.

జీతం పనిచేసే భాగస్వామికే చెల్లుతుంది. బావ పేరున రాస్తే ఖర్చుగా ఒప్పుకోరు. ఏడాదికి వడ్డీ, జీతం కలిపి 20,000 దాటితే 2025 ఏప్రిల్ 1 నుంచి 10 శాతం టీడీఎస్ కోయాలి. ఖాతాకు జమ చేసినా అంతే. పన్ను పడని బావ ఆ 24,000ను రిటర్ను వేసి వెనక్కి తీసుకోవాలి. ఒప్పందం తేదీకి ముందు కాలానికి జీతం, వడ్డీ చెల్లవు కనుక, మార్చిలో సవరించిన ఒప్పందం ఆ ఏడాది మొదటి పదకొండు నెలలకు పనికిరాదు.