వెదురు గజిబో, వేపచెట్టు, ఎండ మచ్చలు: బ్లెండర్ సైకిల్స్ చాలాకాలం వాడాక

తోటల్లో కట్టే వెదురు, టేకు గజిబోలకి ముందుగా బొమ్మ చేసి ఇవ్వడం నా పనిలో సగం. ఆ 3D బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితమని, అందులో కాంతి కిరణాల్ని లెక్కగట్టి చివరి బొమ్మ తీసే సైకిల్స్ ఇంజన్ నిదానంగా రెండర్ చేస్తుందని అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలనిపించేది ఒక్క అంకె గురించి. బ్లెండర్లో ఎండ కోసం పెట్టే Sun లైట్‌కి Angle అని ఒక గడి ఉంటుంది. మనం ముట్టుకోకపోతే అందులో 0.526° ఉంటుంది. చెట్టుకింద పడ్డ ఎండ నిజమైన ఎండలా కనిపించేది దానివల్లే. ఇన్నాళ్ల వాడకంలో ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకు ప్రేమ పుట్టింది కూడా దాని దగ్గరే.

నేల మీంచి చూస్తే సూర్యుడు చుక్క కాదు, దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. ఆకుల మధ్య చిన్న సందు ఉంటే దాని కింద పడేది సందు ఆకారం కాదు, ఆ బిళ్ళ ప్రతిబింబం. సందుకీ నేలకీ ఉన్న దూరాన్ని 108తో భాగిస్తే మచ్చ వెడల్పు వస్తుంది. అయిదు మీటర్ల ఎత్తున కొమ్మ ఉండి, సూర్యుడు నడినెత్తిన ఉంటే మచ్చ నాలుగున్నర సెంటీమీటర్ల పైచిలుకు. ఎండ ఏటవాలుగా ఉంటే దూరం పెరిగి మచ్చ పెద్దదవుతుంది, నేల మీద కోడిగుడ్డులా సాగుతుంది. పాక్షిక సూర్యగ్రహణం రోజున చెట్టుకింద నెలవంకలు కనిపించేది కూడా ఇందుకే. ఇదంతా మనం లెక్కగట్టి పెట్టక్కర్లేదు. Angle సరిగ్గా ఉంటే సైకిల్స్ దానంతటదే చేసేస్తుంది. సున్నా పెట్టి చూడండి, నేలంతా కత్తెరతో కత్తిరించిన ఆకుల నీడలతో నిండిపోతుంది.

మంగళగిరి దగ్గర ఒక ఫామ్‌హౌస్ పని వచ్చింది. పన్నెండడుగుల చదరం గజిబో. స్తంభాలకి సాధన వెదురు, పైన దూలాలు టేకు, కప్పుకి వెదురు తడిక, పక్కనే పెద్ద వేపచెట్టు. బొమ్మ పంపిన సాయంత్రమే ఓనరు ఫోన్ చేశారు. "ఏమండీ, ఆకులు కోలగా ఉంటే కింద మచ్చలు గుండ్రంగా పడ్డాయేంటి? కంప్యూటర్‌దని తెలిసిపోతోంది." ఫోన్లో వాదించి లాభం లేదని, మర్నాడు మధ్యాహ్నం ఆ వేపచెట్టు కిందే ఒక తెల్లకాగితం పరిచి చూడమన్నాను. చూశారు. కాగితం మీదా అవే మచ్చలు, కొంచెం సాగిన గుండ్రాలు. ఆయన ఫొటో తీసి పంపి, "ఇన్నేళ్లుగా ఈ చెట్టు కింద కూర్చుంటున్నాను కదండీ" అన్నారు. ఆ ఫొటోనీ నా రెండర్నీ పక్కపక్కన పెట్టి నేనూ చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అసలు పేచీ తర్వాత తడిక దగ్గర వచ్చింది. ఎక్కడో చూసిన రిసార్ట్ ఫొటోలో లాగా గజిబో లోపల నేల మీద ఎండ చారలు స్పష్టంగా పడాలని ఆయన కోరిక. ఆయన అనుకున్న తడికలో బద్దలు రెండున్నర సెంటీమీటర్లు, మధ్య సందు అర సెంటీమీటరు, కప్పు ఎత్తు 2.6 మీటర్లు. రెండర్లో చారలు రాలేదు, నేల మీద మసకగా లేతగీతలు తప్ప. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఆ ఎత్తునుంచి సూర్యబింబం వెడల్పే 2.4 సెంటీమీటర్లు. దానికన్నా సన్నటి సందులోంచి నేలకి పూర్తి ఎండ దిగదు. గీత మధ్యలో కూడా వచ్చేది నిండు ఎండలో నాలుగో వంతు దగ్గర, అది కూడా అంచులు అలుక్కుపోయి. చారలు తేటగా పడాలంటే సందు 2.4 దాటాలి. నాలుగు సెంటీమీటర్ల సందు పెడితే నడుమ ఒకటిన్నర సెంటీమీటర్ల మేర నిండు ఎండ, రెండు పక్కలా మెత్తటి అంచు వచ్చాయి. కానీ ఆ సందుల్లోంచి వానా అంతే ధారాళంగా దిగుతుంది. చివరికి కూర్చునే చోట దగ్గర తడికే ఉంచి, ముందువైపు మూడడుగుల మేర మాత్రం వెడంగా టేకు పట్టీలు పెట్టాలని ఒప్పుకున్నారు. కట్టకముందే ఈ మాట తేలడం నాకు బొమ్మ అందం కన్నా ఎక్కువ విలువైన లాభం.

ఇక ఇబ్బంది సంగతి. డౌన్‌లోడ్ చేసుకున్న వేపచెట్టు మోడల్లో ఆకులు అసలు ఆకులు కావు. పలచటి పలకల మీద ఆకు ఫొటో అతికించి, మిగతా భాగాన్ని పారదర్శకంగా చేసినవి. దూరంనుంచి బాగుంటాయి. కానీ కిరణం అలాంటి పలకల్ని ఎన్ని దాటవచ్చో రెండర్ సెట్టింగుల్లో Light Paths కింద Transparent దగ్గర ఒక హద్దు ఉంటుంది, మామూలుగా 8. చెట్టు గుబురులో ఒకే గీత మీద పలకలు అంతకన్నా ఎక్కువ ఉంటాయి. హద్దు దాటిన కిరణం అక్కడితో ఆగిపోతుంది కనుక గుబురు మధ్యలో నల్లటి మరకలు పడతాయి. అవైనా కంటికి దొరుకుతాయి. దొరకనిది నేల మీద జరిగే నష్టం. నేల మీద ఎండ పడుతుందో లేదో చూడటానికి సూర్యుడివైపు వెళ్లే నీడ కిరణాలకీ అదే హద్దు కాబట్టి, రావాల్సిన మచ్చలు చాలావరకు రాకుండా పోతాయి, గజిబో చుట్టూ నీడ చిక్కబడుతుంది. చెట్టు నిజంగా దట్టంగా ఉందేమో అనిపిస్తుంది. తేల్చుకోవడానికి ఆ అంకెని 32కి పెంచి మళ్ళీ చూడాలి. కొత్త మచ్చలు పుట్టుకొస్తే రోగం అదే. పెంచితే రెండర్ టైము పెరుగుతుంది, అది వేరే టెన్షన్. నా చెట్లన్నిటికీ ఇప్పుడు ఆకు అంచు వెంట మెష్‌నే కత్తిరించి, పారదర్శకత పూర్తిగా తీసేశాను. పాలిగాన్లు పెరిగినా రెండర్ తేలికైంది. ఒకే కొమ్మని ఇన్‌స్టాన్సులుగా, అంటే ఒక్క దాన్నే చాలాచోట్ల మళ్ళీ మళ్ళీ చూపించేలా వాడితే మెమరీ కూడా పెద్దగా తినదు.

పైన "దానంతటదే చేసేస్తుంది" అన్నాను కదా, అది శాంపిల్స్, అంటే ఒక్కో పిక్సెల్‌కి వదిలే కిరణాలు, సరిపడా ఇచ్చినప్పటి మాట. తక్కువ శాంపిల్స్‌తో తీసి, బొమ్మలో మిగిలిన గరుకుని నునుపు చేసే డీనాయిజర్ మీద వదిలేస్తే, వెదురు కణుపులూ టేకు చారలూ చెక్కుచెదరవు గానీ, లేత మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నేల మీద పలచటి మరకలా మిగులుతాయి. కారణం సులువే. డీనాయిజర్‌కి సాయంగా అందేవి వస్తువుల రంగు, ఉపరితలం ఎటు తిరిగి ఉందన్న వివరం. ఎండ మచ్చ ఆ రెండిట్లోనూ ఉండదు. కాబట్టి అది నాయిజో ఎండో దానికి తెలిసే దారి తక్కువ. చెట్టు నీడ ఉన్న బొమ్మలకి నేను డీనాయిజర్ ఆపి ఒక చిన్న ముక్క రెండర్ చేసి, మచ్చల అంచులు పోల్చుకున్నాకే పెద్ద సైజుకి వెళ్తాను. ఇంకొకటి, బ్లెండర్లోనే ఉండే వేగమైన రెండర్ ఇంజన్ ఈవీలో చూసిన నీడని బట్టి క్లయింటుకి మాట ఇవ్వకండి. అక్కడి మెత్తటి నీడ ఒక అంచనా మాత్రమే.

ఎవరికి పనికొస్తుందంటే, నాది ఒక పద్ధతి. నా దగ్గర ఉన్నది ఎనిమిది జీబీ గ్రాఫిక్స్ కార్డు, నా క్లయింట్లు అడిగేది రెండు మూడు నిశ్చల చిత్రాలు, రాత్రి పెట్టి పొద్దున చూసుకునేంత తీరిక ఉంది. తోటంతా తిరిగి చూపించే వీడియో మర్నాటికల్లా కావాలనే వాళ్లతో మీ పనైతే, ఆకులు ఊగుతూ మచ్చలు కదిలే ప్రతి ఫ్రేమునీ ఇలా తీయడం మీ మెషీను వల్ల కాకపోవచ్చు. రియల్ టైమ్ ఇంజనే మేలు, మచ్చలు కాస్త అటూఇటూ అయినా వీడియోలో ఎవరూ కాగితం పరిచి చూడరు. కప్పు సందు ఎంత పెట్టాలో, ఏ చెట్టు ఏ వైపు నాటాలో తేల్చుకోవాల్సిన పనికి మాత్రం, నా వరకు, నేను ఇంకోదానికి మారను. మావిడి చెట్టు ఉన్న సైటు ఇంకా నాకు తగల్లేదు. ఆ వెడల్పాటి ఆకులతో మళ్ళీ కూర్చోవాలి.