స్టీలు, రాగి, గాజు నీళ్ళ బాటిళ్ళు: మూడేళ్ళు వాడాక నా మాట

విజయవాడ నుంచి గుంటూరుకి రోజూ రైల్లో వెళ్ళొచ్చే ఉద్యోగం నాది. ఉదయం 7 గంటలకి ఇల్లు వదిలితే సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ గుమ్మం తొక్కుతాను. బ్యాగులో టిఫిన్ డబ్బా, గొడుగు, నీళ్ళ బాటిల్ ఉండాల్సిందే. ఈ మూడేళ్ళలో స్టీలు వాక్యూమ్ బాటిల్, రాగి బాటిల్, గాజు బాటిల్ ఒకదాని తర్వాత ఒకటి కొన్నాను. ఏదీ పూర్తిగా మానెయ్యలేదు. కాకపోతే ఏది ఎక్కడ ఉండాలో ఇప్పటికి తేలింది.

ముందు రుచి సంగతి. స్టీలు బాటిల్లో నీళ్ళు ఒకరకమైన వాసన వస్తాయని మా అత్తగారు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. నాకూ అలాగే అనిపించేది. ఒక ఆదివారం తేల్చుకుందామని శనివారం రాత్రి 9 గంటలకి ఒకే ఆర్ఓ నీళ్ళు మూడు బాటిళ్ళలో నింపి మూతలు పెట్టేశాను. తెల్లారి 6 గంటలకి మా ఆయన వంటింట్లో ఒకే రకం గ్లాసుల్లో పోసి, ఏది ఏదో చెప్పకుండా మా ముందు పెట్టారు. రాగిని ఇద్దరం ఠక్కున పట్టేశాం. నాలుక అంచున చిల్లర నాణెం పెట్టుకున్నట్టుంటుంది. స్టీలునీ పట్టేశాం. అత్తయ్య అయితే గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళకుండానే చెప్పేశారు.

మర్నాడు రాత్రి ఒక్కటే మార్చాను. మూతలు తీసేసి మూడింటి మీదా చిన్న స్టీలు ప్లేట్లు బోర్లించాను. ఈసారి స్టీలేదో గాజేదో ఇద్దరం చెప్పలేకపోయాం. రాగి మాత్రం మళ్ళీ దొరికిపోయింది. అంటే ఇన్నాళ్ళూ మేం స్టీలుని ఊరికే ఆడిపోసుకున్నాం. వాసన వస్తున్నది మూతలోని సిలికాన్ రబ్బరు వాషర్ నుంచి. చెంచా వెనక వైపుతో దాన్ని పెకిలించి చూస్తే అడుగున నల్లటి జిగురు, అందులో ఎప్పుడో పోసుకున్న అల్లం టీ వాసన. వేడినీళ్ళలో వంటసోడా వేసి వాషర్‌ని ఒక గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఎండలో ఆరబెట్టాను. వాసన చాలా వరకు పోయింది. మొత్తం పోలేదు. టీ, కాఫీ ఒకసారి తగిలితే సిలికాన్ వదలదు. అప్పటి నుంచి టీకి వేరే ఫ్లాస్కు, నీళ్ళకి వేరే బాటిల్. బాటిల్ కొనేటప్పుడు నేనిప్పుడు మొదట చూసేది మూతే. వాషర్ ఊడి వస్తుందా, విడిగా దొరుకుతుందా అని అడుగుతాను. స్ట్రా ఉన్న మూత, నొక్కితే తెరుచుకునే మూత అసలు ముట్టుకోను. చేయి పెట్టి కడగలేని సందులు వాటిలో బోలెడు.

రాగి రుచి గురించి ఇంకో మాట. ఆర్ఓ నీళ్ళలో లవణాలు తక్కువ, కాస్త ఆమ్లగుణం ఉంటుంది. అందుకే అవి రాగిని ఎక్కువ లాక్కుంటాయి. కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్ళు కాచి చల్లార్చి అదే బాటిల్లో పోస్తే ఆ నాణెం రుచి సగానికి సగం తగ్గింది. రాగి నీళ్ళు నోటికి బాగుండవని వదిలేసినవాళ్ళు ఒకసారి నీళ్ళు మార్చి చూడండి.

ఇక చల్లదనం. మే నెలలో ఒకరోజు, పెరుగు తోడు పెట్టడానికి కొనుక్కున్న థర్మామీటర్ బ్యాగులో వేసుకుని మూడు బాటిళ్ళూ ఆఫీసుకి మోసుకెళ్ళాను. రైల్లో పక్క సీటావిడ ఏమనుకుందో తెలీదు. మూడింట్లోనూ ఫ్రిజ్ నీళ్ళే, 7 గంటలకి 9 డిగ్రీలు. ఆఫీసులో 9 గంటలకి చూస్తే రాగిలో 28, గాజులో 27, స్టీల్లో 10. మధ్యాహ్నం 1 గంటకి రాగి, గాజు రెండూ 34కి చేరాయి, అంటే గది వేడి. స్టీలు బాటిల్లో ఇంకా 13. పంటికి జిల్లుమంటోంది.

గాజు రాగి కంటే చల్లగా ఉంచుతుందని నేనూ నమ్మాను. తేడా ఒక్క డిగ్రీ. ఒంటి పొర ఉన్న బాటిల్ ఏ లోహమైనా, గాజైనా, చుట్టూ ఉన్న గాలి ఎంత వేగంగా వేడిని అందిస్తుందన్నదే లెక్క. గోడ దేనితో చేసిందన్నదానికి అంత పట్టింపు లేదు. దానికంటే బాటిల్ చుట్టూ తడి టవల్ చుట్టడం మేలు. అది కూడా మా కోస్తా ఉక్కపోతలో పెద్దగా పనిచేయదు. పొడి గాలి ఉండే ఊళ్ళలో బాగా పనికొస్తుంది.

స్టీలు అన్నాను కానీ, స్టీలంతా ఒకటి కాదు. ఒంటి పొర స్టీలు బాటిల్ రాగి లాగే అరపూటకి వేడెక్కుతుంది. చల్లదనాన్ని ఆపేది రెండు పొరల మధ్య గాలి తీసేసిన ఖాళీ. డబ్బా మీద ‘డబుల్ వాల్’ అని మాత్రమే ఉండి ‘వాక్యూమ్’ అని లేకపోతే ఆ మధ్యలో గాలే ఉండొచ్చు. షాపులో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి ఇది మేలు రకం 304 స్టీలే అంటారు. చవకైన 201 రకం కూడా సాధారణంగా అంటుకోదు కాబట్టి దాంతో ఏమీ తేలదు. పైగా మంచి 304కి కూడా సాగదీసిన మెడ దగ్గర కొద్దిగా అంటుకోవచ్చు.

నా మొదటి వాక్యూమ్ బాటిల్ పోయిన తీరు చెప్పాలి. గుంటూరు స్టేషన్లో దిగుతుంటే చేతిలోంచి జారి ప్లాట్‌ఫాం మీద పడింది. అడుగు దగ్గర రూపాయి బిళ్ళంత సొట్ట. పోన్లే, కారట్లేదు కదా అనుకున్నాను. నెల తర్వాత బ్యాగులో ఆఫీసు కాగితాలు తడిసిపోయి ఉన్నాయి. మూత చూస్తే గట్టిగానే ఉంది. బాటిల్ ఒంటికి చెమట పట్టింది! వాక్యూమ్ బాగున్న బాటిల్లో ఐసు ముక్కలు వేసినా బయట తడి ఉండదు. ఇంటికొచ్చి మరిగే నీళ్ళు పోసి, అయిదు నిమిషాలాగి పట్టుకుని చూశాను. మంచి బాటిల్ అయితే మెడ దగ్గర మాత్రమే గోరువెచ్చగా ఉండాలి. ఇదేమో కింది నుంచి పైదాకా చేయి కాలింది. ఖాళీలోకి గాలి చేరిపోయిందన్నమాట. దీనికి రిపేరు లేదు. సొట్ట దగ్గర ఒక్కచోటే వేడిగా ఉంటే అక్కడ పై పొర లోపలి పొరని తాకిందని అర్థం. అలాంటిది కొంత తక్కువగానైనా పనిచేస్తుంది. కొత్త బాటిల్ కొన్నరోజే ఈ మరిగే నీళ్ళ పరీక్ష చేస్తే, వాక్యూమ్ లేని సరుకైతే వెంటనే మార్చుకోవచ్చు.

బరువు వంటింటి కాటా మీద చూశాను. 750 మిల్లీలీటర్ల వాక్యూమ్ స్టీలు ఖాళీగా 380 గ్రాములు. అంతే పట్టే గాజు, తొడుగుతో కలిపి 460. రాగిది 950 మిల్లీలీటర్లు, అయినా 290 గ్రాములే. నింపాక గాజు బాటిల్ కిలో 200 దాటుతుంది. బరువుకంటే గాజుతో టెన్షన్ ఎక్కువ. రైల్లో పై అరలో పెట్టాలంటే భయం, కింద పెడితే ఎవరి కాలు తగులుతుందోనని భయం. నెల రోజులకే దాన్ని ఆఫీసు టేబుల్ మీదే వదిలేశాను. అక్కడే ఉంది, హాయిగా.

కడగడం దగ్గర గాజు నాకో పాఠం నేర్పింది. వరసగా అయిదు రోజులు సబ్బు వెయ్యకుండా నీళ్ళతో తొలిచి వాడితే, కిటికీ పక్కనున్న బాటిల్ లోపల సన్నటి పచ్చటి పొర కనిపించింది. ఛీ, గాజు ఇంత తొందరగా పాడవుతుందా అనుకున్నాను. అదే వారం వాడిన స్టీలు బాటిల్లోకి ఫోను టార్చి వేసి చూశాను. పచ్చదనం లేదు, వెలుతురు తగలదు కదా. కానీ వేలు పెట్టి రాస్తే గోడకి జారుడు జిగురు. గాజులో కనిపిస్తుంది, స్టీల్లో కనిపించదు, అంతే. ఇప్పుడు రెండింటినీ రోజూ రాత్రి సబ్బు, పొడుగు బ్రష్‌తో తోమి, బోర్లించి, మూత వేరుగా ఆరబెడతాను. బోరు నీళ్ళ తెల్ల చారలకి నిమ్మరసం కలిపిన వేడినీళ్ళు పోసి అరగంట ఉంచితే చాలు. గాజులో మరుగుతున్న నీళ్ళు పోసేముందు అది బోరోసిలికేట్ అవునో కాదో చూసుకోండి. షర్బత్ అయిపోయాక దాచుకున్న మామూలు సీసాలో ఒకసారి కాగిన నీళ్ళు పోశాను. టక్కుమని అడుగు ఊడి సింకులో పడింది.

రాగి బాటిల్‌తో నా గొడవ లోహంతో కాదు, ఆకారంతో. మా అమ్మమ్మ రాగి చెంబుని చింతపండు, ఉప్పు పెట్టి తోమితే రెండు నిమిషాల్లో బంగారంలా మెరిసేది. బాటిల్ మూతి సన్నం, చేయి పట్టదు. గుప్పెడు రాళ్ళ ఉప్పు, పిండేసిన నిమ్మచెక్కలు, ఒక గ్లాసు నీళ్ళు వేసి మూత బిగించి రెండు నిమిషాలు బాగా కుదుపుతాను. తర్వాత నాలుగైదుసార్లు తొలవాలి. ఇది పది రోజులకోసారి. లోపల గోధుమ రంగులోకి మారితే కంగారు పడక్కర్లేదు. నీలమో ఆకుపచ్చో కనిపిస్తే అది చిలుము. పూర్తిగా పోయేదాకా అందులో నీళ్ళు తాగకూడదు. అది మొదట వచ్చేది మూత మరల్లో, తడి నిలిచేచోట. ఇనుప పీచు అస్సలు వాడొద్దు, గీతల్లో మురికి కూర్చుంటుంది. బయట రంగుల బొమ్మలున్న బాటిల్‌కి పైన సన్నటి పూత ఉంటుంది. చింతపండు తగిలితే అక్కడక్కడా లేచి బొల్లి మచ్చల్లా అవుతుంది. నాదలాగే అయ్యింది.

ఒకసారి మా అబ్బాయి క్రికెట్‌కి వెళ్తూ ఖాళీగా ఉంది కదా అని రాగి బాటిల్లో నిమ్మకాయ షర్బత్ కలుపుకుపోయాడు. రెండో ఓవర్ అయ్యేసరికి వాంతులు. పులుపు రాగిని కరిగిస్తుంది. మజ్జిగైనా అంతే. వట్టి నీళ్ళ విషయంలో ఆ భయం తక్కువ. బెంగళూరు పరిశోధకులు 2012లో అచ్చు వేసిన అధ్యయనంలో, రాగి కుండలో 16 గంటలు ఉంచిన నీళ్ళలో విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా చచ్చిపోయింది. నీళ్ళలోకి దిగిన రాగి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములకి, చాలా లోపే ఉంది. గమనించాల్సింది ఆ 16 గంటలు. పొద్దున నింపి పదింటికి తాగితే ఆ ఫలితం రాదు. ఆర్ఓ నుంచి పట్టిన నీళ్ళకి ఆ పని ఎంత అవసరమో కూడా ఆలోచించాలి. ఇంట్లో అత్తయ్య కోసం రాగి బాటిల్ తీసేసి వెడల్పు మూతి రాగి చెంబు, దాని మీద మూత పెట్టాను. సాయంత్రం నింపితే మర్నాడు ఉదయం తాగుతారు. తోమేది కూడా ఆవిడే, పాత పద్ధతిలో.

వాక్యూమ్ పోయిన ఆ సొట్ట బాటిల్‌ని ఇంకా పారెయ్యలేదు. వంటింట్లో చింతపండు రసం, నిమ్మచెక్కలు వేసి ఉంచుకోవడానికి పనికొస్తోంది, రాగి చెంబు తోమడానికి.