పూర్తి ధరల పట్టికా, అడిగిన సరుకు ధరా: ప్రదర్శన తర్వాత రాసే ఈమెయిల్‌లో ఏది మేలు?

మార్చిలో ఢిల్లీలో జరిగే ఆహార్ ప్రదర్శనలో చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వారి స్టాల్‌కు హైదరాబాదు పానీయాల కంపెనీ కొనుగోలు అధికారి ఒకరు వచ్చి, తోతాపురి గుజ్జు రుచి చూసి, క్యాటలాగ్, ధరల పట్టిక పంపమని కార్డు ఇచ్చి వెళ్లారనుకుందాం. ఊరు చేరగానే ఆయనకు రాసే ఈమెయిల్‌కు అన్ని రకాల ధరలున్న పట్టికను జతచేయడం ఒక పద్ధతి. క్యాటలాగ్ మొత్తం జతచేసి, ధర మాత్రం ఆయన అడిగిన సరుకుకే, షరతులతో సహా ఈమెయిల్‌లోనే రాయడం రెండో పద్ధతి.

మొదటిదానిలో శ్రమ తక్కువ, అడిగినదంతా ఇచ్చినట్లూ ఉంటుంది. చిక్కంతా కాలంతోనే వస్తుంది. మార్చిలో మన దగ్గర ఉండేది నిరుటి గుజ్జు. కొత్త తోతాపురి కాయ ఫ్యాక్టరీకి ముమ్మరంగా వచ్చేది జూన్, జూలైలలో. కిలో గుజ్జుకు దాదాపు రెండు కిలోల కాయ పడుతుంది కనుక కాయ ధర ఒక్క రూపాయి మారితే గుజ్జు ఖర్చు రెండు రూపాయల వరకు మారుతుంది. ఏ పంటదో, ఎన్నాళ్లు చెల్లుతుందో రాయని పట్టికను ఆయన జూలైలో తీసి, ఆ ధరకే సరుకు పంపమంటే మన దగ్గర జవాబు ఉండదు.

రవాణా సంగతీ అంతే. డ్రమ్ముకు 215 కిలోల చొప్పున 40 డ్రమ్ములంటే 8,600 కిలోలు. లారీ ఖర్చు కిలోకు రెండున్నర రూపాయలు పడిందనుకుంటే, అది ధరలో కలిసిందా లేదా అన్న ఒక్క మాట దగ్గర 21,500 రూపాయల తేడా వస్తుంది.

అందుకే నా ఓటు రెండో పద్ధతికే. ఈమెయిల్ ఇలా ఉండవచ్చు:

"విషయం: తోతాపురి గుజ్జు, 40 డ్రమ్ములు – ధర, క్యాటలాగ్

నమస్కారమండీ. ఆహార్‌లో మా స్టాల్ వద్ద మీరు అడిగిన తోతాపురి అసెప్టిక్ గుజ్జు ధర కిలోకు … రూపాయలు. ఇది గత సీజన్ సరుకు, 215 కిలోల డ్రమ్ము. ధర చిత్తూరు ఫ్యాక్టరీ వద్దది. రవాణా, జీఎస్టీ అదనం. ఈ నెలాఖరు వరకు, నిల్వ ఉన్నంత మేరకే చెల్లుతుంది. కొత్త పంట ధరను కాయ కొనుగోలు మొదలయ్యాక తెలియజేస్తాము. క్యాటలాగ్ జతచేశాము. మిగతా రకాల్లో ఏవి కావాలో చెబితే వాటి ధరలూ పంపుతాము. మీ ల్యాబ్‌కు నమూనా ఏ చిరునామాకు పంపమంటారు?"

చివరి ప్రశ్నను వదిలిపెట్టకూడదు. చాలా కంపెనీలలో బ్రిక్స్, ఆమ్లత ల్యాబ్‌లో చూడనిదే కొనుగోలు విభాగం ధర గురించి మాట్లాడదు. పైగా చిరునామా చెప్పడానికైనా ఆయన జవాబు రాస్తారు.

ఆయన పానీయాల కంపెనీవారు కాక, మన రకాలన్నీ దుకాణాలకు అమ్మే పంపిణీదారు అయితే మాత్రం మొదటి పద్ధతే సరి. అన్ని ధరలూ చూడనిదే ఆయన తన లాభం లెక్క వేసుకోలేరు. అప్పుడు కూడా పట్టికలోని ప్రతి పేజీపైన పంట సంవత్సరం, గడువు తేదీ ఉండాలి, ఎందుకంటే ఆ పేజీలు ఈమెయిల్ నుంచి విడిపోయి చేతులు మారుతుంటాయి.